వాపసు ఇచ్చిన వస్తువు డబ్బు ఎన్ని రోజుల్లో రావాలి, బ్యాంకుకు ఎప్పుడు వెళ్లాలి

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును తిరిగి ఇచ్చేశారు, యాప్‌లో రిఫండ్ పంపామని కనిపిస్తోంది, ఖాతాలో మాత్రం రూపాయి పడలేదు. ఇలాంటప్పుడు ముందుగా తేల్చుకోవలసింది ఆ డబ్బు ప్రస్తుతం ఎవరి దగ్గర ఉందన్నది. అమ్మకందారు దగ్గర బయలుదేరిన సొమ్ము, వారి తరఫున చెల్లింపులు స్వీకరించే సంస్థ ద్వారా, ఆ సంస్థ బ్యాంకు ద్వారా, మీరు కార్డుతో కొని ఉంటే రూపే, వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్క్ మీదుగా మీ బ్యాంకుకు చేరుతుంది. మీ బ్యాంకు చేతికి రాని డబ్బు కోసం బ్యాంకు కౌంటర్ దగ్గర ఎంతసేపు నిలబడినా లాభం ఉండదు. అలాగే, మీ బ్యాంకుకు చేరిపోయిన డబ్బు కోసం అమ్మకందారు కస్టమర్ కేర్‌కు పదిసార్లు ఫోన్ చేసినా వారు చెప్పే మాట మారదు. డబ్బు దారిలో ఎక్కడ ఆగిందో తెలుసుకొని, అక్కడే అడగడం ఎలాగో ఈ కింద వరుసగా రాస్తున్నాను.

మొదట, ఇది రిఫండా, విఫలమైన చెల్లింపా అన్నది తేల్చుకోండి

ఈ రెండింటినీ చాలామంది ఒకటిగానే చూస్తారు, కానీ నియమాలు వేరు, వెళ్లవలసిన చోటు కూడా వేరు. మీరు డబ్బు కడుతున్నప్పుడే లావాదేవీ మధ్యలో ఆగిపోయి, ఖాతాలో సొమ్ము తగ్గి, ఆర్డర్ మాత్రం నమోదు కాకపోతే అది విఫలమైన చెల్లింపు. భారతీయ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, కార్డుతో ఆన్‌లైన్‌లో కట్టినా, యూపీఐతో దుకాణదారుకు కట్టినా, ఇలా విఫలమైన సొమ్ము లావాదేవీ జరిగిన రోజు తరువాత 5 రోజుల్లోగా మీరు అడగకుండానే తిరిగి రావాలి. ఈ 5 రోజులు క్యాలెండర్ రోజులు కాబట్టి సెలవులు కూడా లెక్కలోకి వస్తాయి. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. యూపీఐలో ఒక వ్యక్తి మరొక వ్యక్తికి పంపిన సొమ్ము విషయంలో ఈ గడువు ఒక్క రోజే. కనుక ఆర్డర్ నమోదు కాకుండా పోయిన డబ్బు ఈ 5 రోజులు దాటినా తిరిగి రాకపోతే, నేరుగా మీ బ్యాంకులో ఫిర్యాదు చేయండి. అందులో పరిహారం మాట కూడా రాయండి.

వస్తువు మీకు అంది, నచ్చకో పాడైపోయో తిరిగి ఇచ్చినప్పుడు, లేదా నమోదైన ఆర్డర్‌ను మీరు రద్దు చేసినప్పుడు వచ్చేది రిఫండ్. దీనికి రోజుకు 100 రూపాయల పరిహారం వర్తించదు. ఆ నియమాన్ని చూపించి వస్తువు వాపసు డబ్బుకు కూడా పరిహారం అడిగేవారు ఉన్నారు, కానీ బ్యాంకు దానిని తిరస్కరిస్తే అది బ్యాంకు తప్పు కాదు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఈ రెండో రకం గురించే.

యాప్‌లో కనిపించే మాటను, తేదీని రాసి పెట్టుకోండి

రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే ఎక్కువ గందరగోళం జరుగుతుంది. కొరియర్ అబ్బాయి వస్తువు తీసుకెళ్లిన రోజు నుంచి మనం లెక్కపెడతాం. అమ్మకందారు మాత్రం వస్తువు గిడ్డంగికి చేరి, పరిశీలన పూర్తయ్యాక రిఫండ్‌కు అనుమతి ఇచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. ఈ రెండు తేదీల మధ్య వారం వరకూ తేడా ఉండవచ్చు. ఆర్డర్ వివరాల్లో "Return picked up" అని ఉంటే డబ్బు ఇంకా కదలలేదు. "Refund initiated" అని ఉంటే పంపమని ఆదేశం ఇచ్చారు, అంతవరకే. "Refund processed" లేదా "Refund completed" అని ఉంటే అమ్మకందారు వైపు పని ముగిసిందని అర్థం. ఈ మూడో మాట కనిపించిన తేదీ మీకు ముఖ్యం. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, ఎందుకంటే కొన్ని యాప్‌లలో కొద్ది నెలల తరువాత ఆ వివరాలను వెతికి పట్టుకోవడం కష్టమవుతుంది.

"Refund initiated" దగ్గరే రోజుల తరబడి ఆగిపోయిందంటే దానికి సాధారణంగా ఒక కారణం ఉంటుంది. చిన్న అమ్మకందారుల విషయంలో రిఫండ్ సొమ్మును చెల్లింపుల సంస్థ వారికి రావలసిన అమ్మకాల డబ్బులోంచి తీసి పంపుతుంది. ఆ ఖాతాలో సరిపడా నిల్వ లేకపోతే రిఫండ్ ఆదేశం వరుసలో వేచి ఉంటుంది. ఇలాంటి ఆలస్యంలో మీ బ్యాంకుకు ఏ పాత్రా లేదు. అమ్మకందారునే గట్టిగా అడగాలి.

మీరు కట్టిన పద్ధతిని బట్టి రోజులు లెక్కపెట్టండి

అమ్మకందారు వైపు పని ముగిసిన తరువాత యూపీఐ రిఫండ్ కొన్ని గంటల నుంచి 2, 3 పనిదినాల్లో వస్తుంది. డెబిట్, క్రెడిట్ కార్డులకు సాధారణంగా 5 నుంచి 7 పనిదినాలు పడుతుంది, ఒక్కోసారి 10 వరకూ సాగుతుంది. నెట్ బ్యాంకింగ్‌కు కూడా ఇంచుమించు అంతే. ఆ దుకాణం సొంత వాలెట్‌లోకి తీసుకుంటే చాలావరకు అదే రోజు పడిపోతుంది, కానీ ఆ డబ్బు మళ్లీ అక్కడే ఖర్చు పెట్టవలసి వస్తుంది. వాలెట్‌లోకి తీసుకోవలసిన అవసరం మీకు లేదు. చెల్లింపుల సంస్థలకు రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, మీరు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, రిఫండ్ మీరు ఏ మార్గంలో కట్టారో ఆ మార్గంలోనే రావాలి. రిటర్న్ నమోదు చేసేటప్పుడు వాలెట్ ఎంపిక ముందే టిక్ అయి ఉందేమో చూసుకోండి.

వస్తువు అందాక నగదు కట్టినవారి పద్ధతి వేరు. వారు యాప్‌లో ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఇవ్వాలి, వాటిని ఇచ్చాక ఒకటి నుంచి మూడు రోజుల్లో డబ్బు పడుతుంది. ఇక్కడ ఒక్క అంకె తప్పినా కష్టమే, ఎందుకంటే ఇలాంటి బదిలీలో సొమ్మును ఖాతా నంబరు చూసే జమ చేస్తారు, పేరు సరిపోలలేదని ఆపుతారన్న భరోసా లేదు. పాస్‌బుక్ ముందు పెట్టుకొని, నంబరును రెండుసార్లు చూసి టైప్ చేయండి.

పనిదినాలు అన్నప్పుడు రిఫండ్ పంపిన రోజును, ఆదివారాలను, రెండో, నాలుగో శనివారాలను, బ్యాంకు సెలవులను తీసేయాలి. మా ఇంట్లో జరిగిన ఒక లెక్క చూపిస్తాను. హనుమకొండలో ఉంటున్న మా పిన్ని 2024 డిసెంబరు చివర్లో 3,499 రూపాయలు పెట్టి మిక్సీ కొన్నది. జార్ అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయని తిరిగి ఇచ్చేసింది. జనవరి 6న వస్తువు తీసుకెళ్లారు, 9వ తేదీ గురువారం "Refund processed" అని వచ్చింది, 7 పనిదినాలు పడుతుందని కింద రాసి ఉంది. 16వ తేదీకే వారం దాటిపోయిందని పిన్ని కంగారుపడింది. కానీ లెక్క ఇలా ఉంది: 10వ తేదీ శుక్రవారం మొదటి రోజు. 11 రెండో శనివారం, 12 ఆదివారం. 13 సోమవారం రెండో రోజు. 14 సంక్రాంతి సెలవు. 15, 16, 17, 18 తేదీలు మూడు నుంచి ఆరో రోజు వరకూ. 19 ఆదివారం పోగా, 20వ తేదీ సోమవారం ఏడో రోజు. అంటే 7 పనిదినాలు కాస్తా 11 రోజులయ్యాయి. పండగ సేల్ తరువాత ఇచ్చే రిటర్న్‌లలో ఈ తేడా తరచుగా ఎదురవుతుంది.

బ్యాంకుకు వెళ్లేముందు సరైన ఖాతాలో వెతికారో లేదో చూడండి

పిన్ని కథ 20వ తేదీతో ముగియలేదు. 21న కూడా ఆమె ఖాతాలో డబ్బు లేదు. బ్యాంకుకు వెళదామని బయలుదేరుతుండగా, ఆర్డర్ వివరాలు మరొకసారి చూద్దామని నేను ఫోన్ తీసుకున్నాను. చెల్లించిన కార్డు చివరి నాలుగు అంకెలు పిన్ని కార్డువి కావు. యాప్‌లో ఎప్పుడో భద్రపరిచిన బాబాయి డెబిట్ కార్డు నుంచి డబ్బు వెళ్లింది, ఓటీపీ కూడా ఆయన ఫోన్‌కే వచ్చింది, ఆయన ఆఫీసు నుంచి చదివి చెప్పిన సంగతి ఇద్దరికీ గుర్తులేదు. బాబాయి ఖాతా స్టేట్‌మెంట్ తెరిస్తే 16వ తేదీనే 3,499 రూపాయలు జమ అయి ఉన్నాయి. ఆ వరుసలో దుకాణం పేరు ఎక్కడా లేదు. చెల్లింపుల సంస్థ పేరును సగానికి కుదించి, పక్కన పొడవాటి అంకెల వరుస ముద్రించారు. అందుకే చూసి కూడా ఆయన పట్టించుకోలేదు.

ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది కాబట్టి, స్టేట్‌మెంట్‌లో పేరుతో కాకుండా మొత్తంతో వెతకండి. మొత్తం కూడా తేడాగా ఉండవచ్చు: కూపన్ తగ్గింపు పోగా, తిరిగి రాని డెలివరీ రుసుము పోగా మిగిలినదే జమ అవుతుంది, కొంత భాగం గిఫ్ట్ బ్యాలెన్స్‌తో కట్టి ఉంటే ఆ భాగం అక్కడికే తిరిగి పోతుంది. యూపీఐతో కట్టినవారు యూపీఐ యాప్‌లో మాత్రమే చూసి రాలేదనుకోవద్దు, కట్టినప్పుడు ఏ బ్యాంకు ఖాతా ఎంచుకున్నారో ఆ ఖాతా స్టేట్‌మెంట్ చూడండి. కార్డు గడువు ముగిసి కొత్తది వచ్చినా, పాత కార్డుకు పంపిన రిఫండ్‌ను బ్యాంకు సాధారణంగా అదే ఖాతాకు చేరుస్తుంది. ఖాతానే మూసేసి ఉంటే మాత్రం సొమ్ము అమ్మకందారు వైపు తిరిగి వెళుతుంది, అప్పుడు వారికి కొత్త ఖాతా వివరాలు ఇవ్వాలి.

ఆర్డర్ చేసిన గంటలోనే రద్దు చేసినవారికి మరొక సంగతి. కార్డు మీద సొమ్మును అప్పటికి ఆపి మాత్రమే ఉంచి, ఇంకా తీసుకోకపోయి ఉంటే, విడిగా జమ వరుస ఏదీ రాదు. ఆపి ఉంచిన సొమ్ము వరుస మాయమై, వాడుకోగల పరిమితి మళ్లీ పెరుగుతుంది. జమ కనిపించలేదని వెతికేవారు మొదట ఆ ఖర్చు వరుస ఇంకా ఉందో లేదో చూడాలి.

గడువు దాటితే రిఫరెన్స్ సంఖ్య అడగండి

సరైన ఖాతాలోనే చూశారు, పనిదినాలూ గడిచాయి, డబ్బు లేదు. ఇప్పుడు అమ్మకందారును ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఈ రిఫండ్ ఏఆర్ఎన్ ఎంత? కార్డు ద్వారా వెళ్లిన ప్రతి రిఫండ్‌కు అమ్మకందారు బ్యాంకు ఇచ్చే సంఖ్య ఇది. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో దీనికి 23 అంకెలు ఉంటాయి. యూపీఐ అయితే 12 అంకెల ఆర్ఆర్ఎన్ లేదా యూటీఆర్ అడగాలి. చాలా యాప్‌లలో రిఫండ్ వివరాల కిందే ఇది కనిపిస్తుంది, కనిపించకపోతే చాట్‌లో అడగండి, ఫోన్‌లో అడిగితే ఈ-మెయిల్‌లో పంపమనండి. ఆర్డర్ నంబరు, రిటర్న్ నంబరు మీ బ్యాంకుకు ఏమీ చెప్పవు, ఎందుకంటే అవి దుకాణం తన కోసం పెట్టుకున్న గుర్తులు.

ఈ సంఖ్యతోనే మీరు ఎటు వెళ్లాలో తేలిపోతుంది. అమ్మకందారు దానిని ఇవ్వలేకపోతే, సొమ్ము ఇంకా వారి వైపే ఉందని అనుకోవచ్చు, తెర మీద ఏ మాట ఉన్నా సరే. ఇస్తే, ఇక బ్యాంకుకు వెళ్లడానికి మీ దగ్గర ఆధారం ఉన్నట్టే.

కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్‌లో వెతికి ఫోన్ చేయకండి, యాప్ లోపలి సహాయ విభాగం నుంచే మాట్లాడండి. రిఫండ్ కోసం ఎదురుచూసేవారినే లక్ష్యంగా చేసుకొని దొంగ నంబర్లు పెట్టే ముఠాలు ఉన్నాయి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టవలసిన అవసరం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయవలసిన అవసరం, స్క్రీన్ పంచుకునే యాప్ వేసుకోవలసిన అవసరం ఏనాడూ లేదు. అలా అడిగినవారికి పొరపాటున స్పందించి డబ్బు పోగొట్టుకుంటే, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఆపైన మీ బ్యాంకుకు చెప్పండి.

ఇప్పుడు బ్యాంకుకు వెళ్లండి

ఏఆర్ఎన్ చేతిలో ఉండి, చెప్పిన పనిదినాలు దాటితే బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు. డెబిట్ కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ అయితే ఖాతా ఉన్న బ్యాంకుకు, క్రెడిట్ కార్డు అయితే కార్డు ఇచ్చిన బ్యాంకు కార్డుల విభాగానికి చెప్పాలి, శాఖలోని గుమాస్తాకు క్రెడిట్ కార్డు ఖాతా కనిపించకపోవచ్చు. నోటి మాటగా చెప్పి రాకండి. ఫోన్‌లో చెప్పినా, ఈ-మెయిల్‌లో రాసినా, శాఖలో కాగితం ఇచ్చినా ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. శాఖలో ఇచ్చే లేఖ ఇంత ఉంటే చాలు:

"అయ్యా, నా ఖాతాకు చెందిన డెబిట్ కార్డుతో (చివరి నాలుగు అంకెలు: ....) .... తేదీన రూ. .... చెల్లించి కొన్న వస్తువును తిరిగి ఇచ్చాను. అమ్మకందారు ఆ మొత్తాన్ని .... తేదీన తిరిగి పంపినట్టు తెలిపి, ఏఆర్ఎన్ .... ఇచ్చారు. నేటి వరకు నా ఖాతాలో జమ కాలేదు. ఈ సంఖ్యతో వచ్చిన సొమ్మును వెతికి నా ఖాతాలో జమ చేయవలసిందిగా, మీకు అందకపోయి ఉంటే ఆ విషయాన్ని రాతపూర్వకంగా తెలుపవలసిందిగా కోరుతున్నాను. జతపరచినవి: రిఫండ్ స్క్రీన్‌షాట్, అమ్మకందారు ఈ-మెయిల్, ఖాతా స్టేట్‌మెంట్."

చివరి వాక్యాన్ని వదిలేయకండి. డబ్బు రాలేదని బ్యాంకు రాసి ఇస్తే, ఆ కాగితాన్ని అమ్మకందారుకు పంపి, వారి బ్యాంకు ద్వారా రిఫండ్‌ను మళ్లీ పంపించమని అడగవచ్చు. రెండు వైపులా "మా దగ్గర లేదు" అనే మాట మీద మీరు తిరగవలసిన పని తప్పుతుంది.

అమ్మకందారు వస్తువు తీసుకొని, రిఫండ్ ఇస్తామని ఒప్పుకొని, ఏఆర్ఎన్ కూడా ఇవ్వకుండా కాలం గడుపుతుంటే కార్డుతో కట్టినవారికి మరొక దారి ఉంది. మీ బ్యాంకులో డిస్ప్యూట్ ఫారం ఇచ్చి, రావలసిన జమ రాలేదన్న కారణంతో చార్జ్‌బ్యాక్ వేయమని, అంటే ఆ సొమ్మును అమ్మకందారు బ్యాంకు నుంచి వెనక్కి రాబట్టమని కోరవచ్చు. దానికి వస్తువు తిరిగి ఇచ్చినట్టు కొరియర్ రసీదు, రిఫండ్ ఇస్తామన్న సందేశం కావాలి. దీనికి గడువు ఉంటుంది, కొన్ని బ్యాంకులు తక్కువ రోజులే ఇస్తాయి, కనుక అమ్మకందారు హామీల మీద నెలల తరబడి ఆగకండి. వస్తువు అప్పగించి మూడు వారాలు దాటినా రిఫండ్ పంపిన దాఖలా లేదంటే ఫారం అడిగి తీసుకోండి.

క్రెడిట్ కార్డు ఉన్నవారు బిల్లు సంగతి విడిగా చూసుకోవాలి

రిఫండ్ వస్తుందన్న నమ్మకంతో ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించి కట్టకండి. గడువు తేదీ నాటికి జమ పడకపోతే వడ్డీ, ఆలస్య రుసుము మీమీదే పడతాయి. రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల ప్రకారం, గడువు తేదీకి ముందే, మీరింకా బిల్లు కట్టక ముందే రిఫండ్ వస్తే బ్యాంకు దానిని కట్టవలసిన మొత్తంలో వెంటనే సర్దుబాటు చేసి మీకు తెలియజేయాలి. యాప్‌లో కట్టవలసిన మొత్తం తగ్గినట్టు కళ్లారా చూశాకే తగ్గించి కట్టండి.

బిల్లు మొత్తం కట్టేశాక రిఫండ్ వస్తే కార్డులో ఆ మేరకు అదనపు నిల్వ ఏర్పడుతుంది. దానిని కార్డులోనే ఉంచుకోవలసిన నిర్బంధం లేదు. మీ పొదుపు ఖాతాకు పంపమని అడిగితే, అడిగిన నాటి నుంచి 3 పనిదినాల్లో బ్యాంకు పంపాలి.

వాయిదాల మీద కొన్నవారు ఇంకొక పని చేయాలి. రిఫండ్ వచ్చినంత మాత్రాన చాలా బ్యాంకుల్లో ఈఎంఐ దానంతట అది రద్దు కాదు. జమ పడగానే ఈఎంఐని మూసేయమని బ్యాంకును అడగండి, అప్పటివరకూ వచ్చే వాయిదాలను ఆపకుండా కట్టండి. ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద వేసిన జీఎస్టీ తిరిగి రాకపోవచ్చు.

బ్యాంకు గానీ అమ్మకందారు గానీ పలకకపోతే

తప్పు అమ్మకందారు వైపు ఉంటే, ముందుగా వారి గ్రీవెన్స్ అధికారికి రాయండి. ఆ పేరు, వివరాలు వెబ్‌సైట్‌లో ఉండి తీరాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల లోపల పరిష్కరించాలి. అక్కడా పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఏఆర్ఎన్ ఇచ్చినా బ్యాంకు వెతకకపోతే, అంటే 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సరిగా లేదనిపించినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. ఇది బ్యాంకు మీద ఫిర్యాదుకే పనికివస్తుంది, అమ్మకందారు డబ్బు ఆపితే ఇక్కడ పరిష్కారం దొరకదు. బ్యాంకుకు ముందుగా రాసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోకుండా నేరుగా ఇక్కడికి వస్తే తిరస్కరిస్తారు. కాబట్టి బ్యాంకుకు ఇచ్చిన లేఖ నకలు, వారి ముద్ర లేదా ఫిర్యాదు సంఖ్య, అమ్మకందారు ఇచ్చిన ఏఆర్ఎన్ ఈ-మెయిల్, డబ్బు కట్టిన నాటి నుంచి నేటి వరకు ఉన్న స్టేట్‌మెంట్, ఈ నాలుగూ దగ్గర పెట్టుకొని ఆ ఫారం నింపండి.